యాప్ చూపే సంపాదన, చేతికొచ్చే డబ్బు, వెళ్లిపోయే సమాచారం

*నమస్కారమండీ. ఏడాదిగా మూడు యాప్‌లు వాడుతున్నాను. ఒకటి క్యాష్‌బ్యాక్‌ది, ఒకటి బిల్లులు ఫొటో తీసి పంపితే పాయింట్లిచ్చేది, ఇంకొకటి మనుషుల్ని చేర్పిస్తే బోనస్ ఇచ్చేది. క్యాష్‌బ్యాక్ యాప్ ద్వారా ఏడాదిలో 80,000 దాకా కొన్నాను. అందులో ‘మీ మొత్తం సంపాదన 3,840’ అని చూపిస్తోంది, నా ఖాతాలో పడింది మాత్రం 1,150. ‘10 శాతం వరకు’ అని చూసి 12,000 పెట్టి వాషింగ్ మెషిన్ కొంటే మూడు నెలల తర్వాత 200 వచ్చింది. క్యాష్‌బ్యాక్ ఉంది కదా అని అవసరం లేనివి కూడా 2,400 పెట్టి కొన్నాను. నెలకి రెండు గంటలైనా వీటికే పోతున్నాయి. బిల్లుల యాప్ అడిగితే రెండు నెలల క్రితం నా మెయిల్ కూడా కలిపాను. పదిమంది బంధువులకి లింకు పంపితే ఇద్దరికే బోనస్ పడింది. మా తోడికోడలేమో ‘నా నంబరు ఎవరికిచ్చావు, రోజూ ఏవో మెసేజిలు వస్తున్నాయి’ అంటోంది. మా ఆయన అన్నీ తీసేయమంటున్నారు. వీటివల్ల నిజంగా ఎంతొస్తుంది? నా గురించి వీళ్లకి ఎంత తెలుసు?*

మీ మూడు యాప్‌లూ చూడటానికి ఒకేలా ఉన్నా, మీకు డబ్బిచ్చే కారణం మూడింటికీ వేరు. మొదటిది మీ కొనుగోలును ఒక దుకాణానికి చేర్చినందుకు తనకొచ్చే కమీషన్‌లో కొంత మీకు పంచుతుంది. రెండోది మీ బిల్లులో ఉన్న సమాచారానికి వెల కడుతుంది. మూడోది ప్రకటనలకు పెట్టాల్సిన ఖర్చులో కొంత మీ చేతికిచ్చి, ఆ పని మీతో చేయిస్తుంది. దేన్ని ఉంచుకోవాలో, దేన్ని ఈ రోజే ఆపాలో ఈ తేడాను బట్టే తేలుతుంది. అందుకే మీ వారన్నట్టు అన్నీ తీసేయమని నేను చెప్పను. కానీ మెయిల్ విషయంలో ఆయన మాట పూర్తిగా నిజం.

ముందు వాషింగ్ మెషిన్ లెక్క చూద్దాం. మీరు యాప్‌లో దుకాణం పేరు నొక్కగానే ఆ దుకాణం వెబ్‌సైట్ తెరుచుకుంటుంది కదా. ఆ మధ్యలో రెప్పపాటులో ఒక పని జరుగుతుంది. మీ నొక్కుకు ఒక గుర్తింపు సంఖ్య పుట్టి, లింకు చివర అతుక్కుని దుకాణానికి చేరుతుంది. కంప్యూటర్‌లో తెరిస్తే పైన అడ్రసు గడిలో `irclickid`, `cjevent`, `awc` లాంటి పేర్ల పక్కన ఒక పొడుగాటి అక్షరాల వరస కనిపిస్తుంది, అదే ఆ సంఖ్య. దుకాణానికీ యాప్‌కీ మధ్యన ఉండే అఫిలియేట్ నెట్‌వర్క్‌లు పెట్టే గుర్తులివి. మీరు డబ్బు కట్టగానే ‘ఫలానా సంఖ్యతో వచ్చిన మనిషి ఇంత కొన్నారు’ అని దుకాణం నెట్‌వర్క్‌కు చెబుతుంది. నెట్‌వర్క్ తన రుసుము తీసుకుని కమీషన్‌ను యాప్‌కు ఇస్తుంది, యాప్ తన వాటా ఉంచుకుని మిగిలింది మీకు రాస్తుంది. అంటే మీ 200 మీకు చేరేలోపు దుకాణం, నెట్‌వర్క్, యాప్ అనే మూడు గడపలు దాటింది.

అయితే 1,200 ఆశపడ్డచోట 200 ఎందుకైంది? ‘10 శాతం వరకు’ అన్నదాంట్లో బరువంతా చివరి మాటదే. ఆ పది శాతం సాధారణంగా ఆ దుకాణంలో లాభం ఎక్కువుండే సరుకుకు, ఉదాహరణకు బట్టలకో సౌందర్య సాధనాలకో, ఇచ్చే రేటు. పెద్ద గృహోపకరణాల మీద అమ్మేవాళ్లకు మిగిలేదే తక్కువ, కాబట్టి కమీషనూ తక్కువే. ఆ రేట్ల పట్టిక యాప్‌లోనే ఉంటుంది, కాకపోతే ‘నిబంధనలు’ అన్న చిన్న లింకు కింద. మీ యంత్రం వర్గానికి అక్కడ 2 శాతం అని రాసి ఉండవచ్చు. తర్వాత, ఆ శాతాన్ని మీరు కట్టిన మొత్తం మీద లెక్కించరు. పన్ను, డెలివరీ రుసుము, కూపన్ తగ్గింపు తీసేసి మిగిలిన దానిమీదే లెక్కిస్తారు. మీ 12,000లో పన్ను, డెలివరీ కలిపి 2,000 అనుకుంటే మిగిలేది 10,000, అందులో 2 శాతం 200. అక్షరాలా మీకొచ్చిన మొత్తమే. బిల్లు తీసి ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. తేడా వస్తే అప్పుడు యాప్‌ను అడగాలి. సరిపోతే వాళ్లు రాసినట్టే ఇచ్చారు, పెద్ద అక్షరాలతో రాసింది వేరు, అంతే.

మూడు నెలలు ఎందుకు పట్టిందంటే, మీరు వస్తువు తిప్పి పంపే గడువు దాటేదాకా దుకాణం కమీషన్‌ను ఖాయం చేయదు. ఆ గడువు, ఆ తర్వాత నెట్‌వర్క్ లెక్కలు తేల్చడం, ఆ తర్వాత యాప్‌కు డబ్బు చేరడం, అన్నీ కలిసి ఒకటి నుంచి మూడు నెలలు పట్టడం మామూలే. ఈ మధ్యకాలంలో మీ పద్దు ‘పెండింగ్’లో ఉంటుంది. ఇప్పుడు మీ 3,840 సంగతి తెలుస్తుంది. యాప్ తెరిచి పద్దుల జాబితాకు వెళ్లండి. ప్రతి పద్దు పక్కనా పెండింగ్ అనో, ఖాయమైంది అనో, తిరస్కరించారు అనో ఉంటుంది. పైన పెద్దగా కనిపించే మొత్తంలో ఇంకా ఖాయం కానివీ, వోచర్ల రూపంలో తప్ప తీసుకోలేనివీ తరచు కలిసే ఉంటాయి. మీరు లెక్కలోకి తీసుకోవలసింది ఖాతాలో పడ్డ 1,150 ఒక్కటే.

తిరస్కరించినవాటిలో కొన్ని న్యాయంగా మీవే అయ్యుంటాయి, వాటిని వదలకండి. ఇక్కడ నడిచేది ‘చివరి నొక్కు’ నియమం. డబ్బు కట్టే ముందు ఆఖరున ఏ లింకు ద్వారా దుకాణంలోకి వచ్చారో వాళ్లకే కమీషన్. మీరు క్యాష్‌బ్యాక్ యాప్ ద్వారా వెళ్లి, కట్టే ముందు ఇంకో ట్యాబ్‌లో కూపన్ కోడ్ వెతికి, ఆ కూపన్ సైటు లింకు నొక్కారనుకోండి. మీ యాప్ సంఖ్య చెరిగిపోయి వాళ్ల సంఖ్య పడుతుంది. బ్రౌజర్‌లో తనంతట తాను కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ ఉంటే, అది మీకు తెలియకుండానే ఈ పని చేయగలదు. 2024 డిసెంబరులో ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్‌కు చెందిన హనీ అనే ఎక్స్‌టెన్షన్ మీద సరిగ్గా ఈ ఆరోపణే వచ్చి పెద్ద గొడవైంది. ఇతరుల లింకు ద్వారా వచ్చిన కొనుగోళ్లను కూడా చివరి క్షణంలో తన పేరు మీద రాసుకుంటోందని, కూపన్ దొరకనప్పుడు కూడా అలాగే చేస్తోందని ఆ ఆరోపణ. ఆ తర్వాత 2025 మార్చిలో గూగుల్, తన క్రోమ్ బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు వాడేవారికి తగిన ప్రయోజనం ఇవ్వకుండా అఫిలియేట్ గుర్తులు చొప్పించకూడదని నియమం కఠినం చేసింది.

అలాగే ప్రకటనలను అడ్డుకునే సాధనం ఉన్నా, లింకు నొక్కాక దుకాణం సొంత యాప్ తెరుచుకున్నా, వస్తువును ముందే బుట్టలో వేసి తర్వాత లింకు నొక్కినా లెక్క తప్పే అవకాశం ఉంది. పెద్ద కొనుగోలు అయితే ఖాళీ బుట్టతో, ఎక్స్‌టెన్షన్లు లేని బ్రౌజర్ విండోలో, యాప్ లింకు నొక్కి, మధ్యలో ఎటూ పోకుండా కొనేయండి. నొక్కిన సమయం కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్, ఆర్డర్ నంబరు దాచుకోండి. మిస్సయిన క్యాష్‌బ్యాక్ కోసం ఫిర్యాదు చేసే చోటు దాదాపు ప్రతి యాప్‌లోనూ ఉంటుంది, దానికొక గడువూ ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్, ఆర్డర్ నంబరు మీ దగ్గరుంటే వాళ్లు జవాబు చెప్పక తప్పదు. లేకపోతే వాళ్ల రికార్డే రికార్డు.

ఇప్పుడు ఏడాది లెక్క. 80,000 కొనుగోళ్ల మీద 1,150 అంటే నూటికి ఒకటిన్నర కూడా కాదు. నెలకు రెండు గంటల చొప్పున ఏడాదికి ఇరవై నాలుగు గంటలు పెట్టారు, అంటే గంటకు 48 చొప్పున వచ్చింది. ఇది తక్కువా ఎక్కువా అన్నది మీ గంట విలువను బట్టి మీరే తేల్చుకోవాలి. కానీ అవసరం లేకుండా కొన్న 2,400 వస్తువుల దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. వాటిలో సగం విలువ మీకు ఉపయోగపడిందనే అనుకుందాం. అప్పుడు కూడా 1,200 వృథా, వచ్చిన 1,150 కంటే 50 ఎక్కువ. అంటే ఏడాదంతా కష్టపడి చిన్న నష్టంతో బయటపడ్డారు. ఒకటిన్నర శాతం చొప్పున ఆ 1,200 తిరిగి రావాలంటే ఇంకా 80,000 పెట్టి కొనాలి. దుకాణాలు కమీషన్ ఇచ్చేదే మీరు మామూలుగా కొనని కొనుగోలు కోసం. ముందే కొనాలని నిర్ణయించుకున్న వస్తువు మీద వచ్చిన క్యాష్‌బ్యాక్ మాత్రమే మీకు లాభం. యాప్ నోటిఫికేషన్ చూశాక పుట్టిన కోరిక మీద వచ్చింది, ఎంత పెద్ద శాతమైనా, ఖర్చే. ఆ యాప్ నోటిఫికేషన్లు ఇప్పుడే ఆపేయండి, మీ లెక్క సగం బాగుపడుతుంది.

ఇక పాయింట్ల గురించి ఒక మాట. పాయింట్లు ఇచ్చే సంస్థలు అవన్నీ జనం వాడుకుంటారని అనుకోవు. వాడకుండా మురిగిపోయేవి ఎన్ని ఉంటాయో ముందే అంచనా వేసి, ఆ మేరకు ఆదాయంగా చూపుకోవడానికి అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలే వీలు కల్పిస్తున్నాయి. కనీసం ఇన్ని పాయింట్లు ఉంటేనే తీసుకోవచ్చన్న గీత, ఇన్ని నెలలు వాడకపోతే పోతాయన్న గడువు, ఈ రెండూ ఆ అంచనాను నిజం చేసేవి. మీ పాయింట్లు గీత దాటిన రోజే తీసేసుకోండి.

అసలు నాకు ఆందోళన కలిగించింది మీ రెండో యాప్.

క్యాష్‌బ్యాక్ యాప్‌కు మీ గురించి తెలిసేది చిన్నదేమీ కాదు. ఏ దుకాణానికి ఎప్పుడు వెళ్లారు, ఎంత పెట్టారు, ఏ ఫోన్ నుంచి, అన్నీ దానికి తెలుసు. కానీ బిల్లు ఫొటోలో ఉండేది అంతకన్నా చాలా లోతైనది. కార్డుతో కడితే బ్యాంకుకు సాధారణంగా తెలిసేది దుకాణం పేరు, మొత్తం, సమయం. బిల్లులో ఒక్కో వస్తువు పేరు, బ్రాండు, సైజు, ధర వరసగా ఉంటాయి. చాలా బిల్లుల్లో కార్డు చివరి నాలుగు అంకెలు, దుకాణం సభ్యత్వ నంబరు కూడా ఉంటాయి. ఒక్క బిల్లుతో ఏమీ తెలియదు. ఏడాది బిల్లులు తేదీల వరసలో పెడితే ఇంట్లో ఎంతమంది ఉన్నారు, పసిబిడ్డ ఉందా, ఎవరికైనా చక్కెర జబ్బో రక్తపోటో ఉందా, జీతం ఎప్పుడొస్తుంది, నెలాఖరుకు చెయ్యి బిగుసుకుంటుందా అన్నీ చదవవచ్చు. సరుకుల కంపెనీలు ఈ సమాచారానికి డబ్బు కట్టేది మీ మీద కక్షతో కాదు. నిన్నటిదాకా ఎదుటి కంపెనీ సబ్బు వాడి, ఈ నెల తమది కొన్నవాళ్లెవరో తెలుసుకోవడం వాళ్లకు చాలా విలువైన విషయం. దుకాణం ఆ సమాచారాన్ని తేలిగ్గా ఇవ్వదు, మీరు ఫొటో తీసి ఇస్తున్నారు. దానికే పాయింట్లు.

అయినా ఫొటో పంపడంలో ఒక మేలుంది. ఏ బిల్లు పంపాలో మీరు ఎంచుకుంటారు. మందుల షాపు బిల్లు ఇవ్వకుండా ఉండవచ్చు. మెయిల్ కలిపిన రోజున ఆ ఎంపిక మీ చేతుల్లోంచి పోయింది.

మెయిల్ కలపమన్నప్పుడు యాప్ చెప్పే మాట ‘మీ ఆన్‌లైన్ బిల్లులు మాత్రమే చూస్తాం’ అని. మీరు సరేనన్న తర్వాత గూగుల్ తెరలో ఇచ్చే అనుమతి మాత్రం వేరు. జీమెయిల్‌లో మెయిల్ చదవడానికి ఇతర యాప్‌లు అడిగే అనుమతి పేరు `gmail.readonly`. అది ఇస్తే పెట్టెలోని ప్రతి మెయిలూ, అటాచ్‌మెంట్లతో సహా, చదవవచ్చు. ఫలానా దుకాణం నుంచి వచ్చినవే చదువు అని పరిమితి పెట్టే అనుమతి జీమెయిల్ ఆ యాప్‌లకు ఇవ్వదు. కాబట్టి బిల్లులు మాత్రమే చూస్తామన్నది సాంకేతికంగా కట్టిన గోడ కాదు, వాళ్లిచ్చిన మాట. ఆ మాట నిలబెట్టుకునే సంస్థలు లేవనను. కానీ మీరు వాళ్లకు ఇంటి తాళంచెవి ఇచ్చి, హాల్లో మాత్రమే కూర్చోమని చెప్పారు. మీ పెట్టెలో బ్యాంకు వివరాలు, ఆసుపత్రి రిపోర్టులు, పిల్లల స్కూలు ఉత్తరాలు, వేరే ఖాతాల పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు ఉంటాయి. పైగా అనుమతి ఇచ్చిన రోజు తర్వాత వచ్చినవే కాదు, పాత మెయిళ్లు కూడా అందులోకి వస్తాయి.

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు, జరిగిన విషయం ఉంది. అన్‌రోల్.మీ అనే ఉచిత సేవ అనవసరపు మెయిళ్ల నుంచి తప్పిస్తామని చెప్పి జనం మెయిల్ పెట్టెలకు అనుమతి తీసుకునేది. దాని మాతృసంస్థ స్లైస్ ఇంటెలిజెన్స్ ఆ పెట్టెల్లోని బిల్లులు చదివి మార్కెట్ సమాచారంగా అమ్మేది. 2017 ఏప్రిల్‌లో బయటపడింది ఏమంటే, లిఫ్ట్ అనే క్యాబ్ సంస్థ ప్రయాణికులకు వచ్చిన బిల్లుల సమాచారాన్ని పేర్లు తీసేసి, దాని పోటీదారు ఉబర్‌కు అమ్మారని. ఒక కంపెనీ వ్యాపారం ఎలా నడుస్తోందో దాని పోటీదారుకు జనం మెయిల్ పెట్టెల నుంచే తెలిసింది. 2019 ఆగస్టులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సేవ మీద చర్య తీసుకుంది. మీ వ్యక్తిగత మెయిళ్లు ముట్టుకోం అని చెప్పి అనుమతి తీసుకుని బిల్లులు పంచుకున్నారన్నది కమిషన్ అభియోగం. రాజీలో భాగంగా, అలా మభ్యపెట్టిన వాళ్ల దగ్గర నుంచి సేకరించి దాచిన బిల్లులను వాళ్లు ఒప్పుకుంటే తప్ప చెరిపేయాల్సి వచ్చింది.

పేర్లు తీసేశాం కదా అంటారు. ఆ మాటకు ఎంత విలువివ్వాలో చెప్పే అధ్యయనం ఒకటి 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 11 లక్షల మంది మూడు నెలల క్రెడిట్ కార్డు ఖర్చులను, పేర్లూ కార్డు నంబర్లూ తీసేశాక, పరిశోధకులు పరిశీలించారు. ఒక మనిషి ఏ నాలుగు సందర్భాల్లో ఎక్కడ ఏ రోజు కొన్నాడో తెలిస్తే చాలు, పదిమందిలో తొమ్మిదిమందిని ఆ గుంపులో వేరు చేసి గుర్తుపట్టవచ్చని తేలింది. ధర కూడా ఉజ్జాయింపుగా తెలిస్తే గుర్తుపట్టడం ఇంకా సులువైంది. మీ బిల్లుల్లో చోటు, రోజు, ధర మూడూ ఉన్నాయి.

కాబట్టి మెయిల్ అనుమతి ఈ రోజే వెనక్కి తీసుకోండి. యాప్‌లో ‘మెయిల్ తొలగించు’ అని నొక్కి ఊరుకోకండి, గూగుల్ వైపు నుంచి చేయండి. బ్రౌజర్‌లో `myaccount.google.com/connections` తెరిస్తే మీ ఖాతాకు కలిసిన యాప్‌ల జాబితా వస్తుంది. ఆ యాప్ పేరు మీద నొక్కి, దానికున్న అనుమతులు చూసి, మొత్తం తీసేయండి. ఇతర మెయిల్ సేవల్లో కూడా భద్రతా సెట్టింగుల్లో ఇలాంటి జాబితానే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి, మీరిచ్చింది పాస్‌వర్డ్ కాదు, అనుమతి. ఒకవేళ ఏ యాప్‌లోనైనా మెయిల్ పాస్‌వర్డే నేరుగా టైపు చేసి ఉంటే అప్పుడు వెంటనే అదీ మార్చండి. ఇప్పటినుంచి చదవడం ఆగుతుంది, ఈ రెండు నెలల్లో చదివి దాచుకున్నది మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. దాన్ని చెరపమని విడిగా అడగాలి, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇంతకన్నా ముందుకు వెళ్లే యాప్‌లు ఉన్నాయి, వాటిని గుర్తుపట్టే మార్గం తెలిసి ఉండటం మంచిది. ఫేస్‌బుక్ 2016 నుంచి ఒక పరిశోధన యాప్ నడిపింది. 13 నుంచి 35 ఏళ్ల వాళ్లకు నెలకు 20 డాలర్ల దాకా, మనుషుల్ని చేర్చినందుకు అదనంగా ఇస్తూ, ఫోన్ ఇంటర్నెట్ రాకపోకలను తన సర్వర్ల మీదుగా మళ్లించే వీపీఎన్‌తో పాటు రూట్ సర్టిఫికెట్ వేయించుకునేది. అది వేసుకుంటే ఫోన్ నుంచి వెళ్లే సమాచారాన్ని, సాధారణంగా తాళం వేసి ఉండేదాన్ని కూడా, మధ్యలో విప్పి చూసే వీలుంటుంది. 2019 జనవరిలో పత్రికల్లో రాగానే ఆపిల్, ఆ యాప్‌ను ఐఫోన్లలో నడపడానికి ఫేస్‌బుక్ వాడుకున్న, తానిచ్చిన వేరే సర్టిఫికెట్‌ను రద్దు చేసింది. ఆ 20 డాలర్లు క్యాష్‌బ్యాక్ యాప్‌లతో పోలిస్తే ఉదారంగానే కనిపిస్తాయి, అసలు ఉదారంగా ఉండటమే అక్కడ గమనించవలసిన గుర్తు. బహుమతి కోసం వీపీఎన్ వేసుకోమన్నా, సర్టిఫికెట్ పెట్టమన్నా, యాక్సెసిబిలిటీ అనుమతి అడిగినా, నోటిఫికేషన్లు చదవనివ్వమన్నా, మెసేజిలు చదవనివ్వమన్నా ఒప్పుకోకండి. యాక్సెసిబిలిటీ అనుమతితో యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు నొక్కగలదు. నోటిఫికేషన్లు చదవగలిగితే మీ బ్యాంకు పంపే ఓటీపీ కూడా చదవగలదు. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ‘యాక్సెసిబిలిటీ’, ‘నోటిఫికేషన్ యాక్సెస్’ అని వెతికి ఆ జాబితాల్లో మీ మూడు యాప్‌ల పేర్లు లేవని ఒకసారి చూసుకోండి.

మూడో యాప్ దగ్గరికి వద్దాం. కొత్తగా ఒక మనిషిని ప్రకటనల ద్వారా చేర్చుకోవడానికి సంస్థకు ఎంతో కొంత ఖర్చవుతుంది. ఆ ఖర్చు కన్నా తక్కువలో మీ ద్వారా అయిపోతే వాళ్లకు లాభం, అదే రెఫరల్ బోనస్. పేపాల్ తొలిరోజుల్లో చేరినవారికి, చేర్చినవారికి చెరో 10 డాలర్లు ఇచ్చి పెరిగింది. జనం వచ్చాక దాన్ని 5కు తగ్గించింది, ఆ తర్వాత ఆపేసింది. బోనస్ ఎప్పుడూ సంస్థ ఎదుగుతున్నప్పుడే పెద్దగా ఉంటుంది. ఇప్పుడు చాలా యాప్‌లు చేరిన వెంటనే ఇవ్వవు. అవతలి మనిషి కొత్త నంబరుతో, కొత్త ఫోన్‌లో చేరాలి, ఇన్ని రోజుల్లోపు ఇంత మొత్తానికి పైగా మొదటి కొనుగోలు చేయాలి అంటాయి. మీ పదిమందిలో మిగతా ఎనిమిదిమంది బహుశా చేరి ఊరుకున్నారు, లేదా లింకు నొక్కకుండా స్టోర్‌లో పేరు వెతికి యాప్ దించుకున్నారు. రెండో తీరులో మీ సంఖ్య వాళ్ల ఖాతాకు అతుక్కోదు.

మీ తోడికోడలికి మెసేజిలు రావడం మీరు లింకు పంపినందువల్ల కాకపోవచ్చు. వాట్సాప్‌లో మీరు చేతితో పంపిన లింకు వల్ల ఆమె నంబరు యాప్‌కు చేరదు. ‘మీ స్నేహితులను వెతుకుదాం’ అన్నచోట కాంటాక్టుల అనుమతి ఇస్తే మాత్రం మీ ఫోన్‌లోని పేర్లు, నంబర్లు అన్నీ ఒకేసారి యాప్ సర్వర్‌కు వెళ్లే అవకాశం ఉంది. డాక్టరు, స్కూలు టీచరు, మీరు ఆహ్వానించని వాళ్లు కూడా అందులో ఉంటారు. ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మన సమాచారం మనం ఇచ్చుకుంటే మన ఇష్టం, ఇక్కడ ఇచ్చింది వాళ్లది, వాళ్లను ఎవరూ అడగలేదు, బోనస్‌లో వాళ్లకు వాటా లేదు. యాప్ అనుమతుల్లోకి వెళ్లి కాంటాక్టులు ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి, పంపిన కాంటాక్టులను చెరిపే మీట కొన్ని యాప్‌ల సెట్టింగుల్లో ఉంటుంది, దాన్నీ వాడండి. ఆమెకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి, మెసేజి పంపేవాళ్లకు తన నంబరు తీసేయమని ఆమె కూడా నేరుగా రాయవచ్చు. ఆన్ లేకపోతే ఆమె నంబరు వేరే దారిలో వెళ్లింది, ఆ నింద మీది కాదు.

ఇందులోనే మోసం ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాలి. మీరు చేర్చిన మనిషి ఏదైనా కొన్నందుకు బోనస్ వస్తే అది వ్యాపారం. ఆ మనిషి కట్టిన సభ్యత్వ రుసుములోంచి, ఆ మనిషి చేర్చినవాళ్ల రుసుములోంచి మీకు వాటా వస్తుందంటే అది గొలుసు మోసం. మీ సంపాదన బయటికి తీయాలంటే ముందు కొంత డిపాజిట్ కట్టమన్నా అంతే. మొదట్లో చిన్న చిన్న మొత్తాలు నిజంగానే ఇచ్చి నమ్మిస్తారు, తర్వాత పెద్ద మొత్తం కట్టించుకుంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీ యాప్‌లో అలాంటిదేమీ కనిపించలేదు, కానీ రేపు మీ బంధువుల్లో ఎవరైనా మీకు లింకు పంపితే ఈ ఒక్కటీ చూసుకోండి.

నా సలహా ఇది. క్యాష్‌బ్యాక్ యాప్‌ను ఉంచుకోండి, ఏడాదిలో నాలుగైదు పెద్ద కొనుగోళ్లకు మాత్రమే వాడండి. అప్పుడు ఇరవై నాలుగు గంటలు రెండు మూడు గంటలవుతాయి, వచ్చేది మాత్రం అంతగా తగ్గదు, ఎందుకంటే రాబడిలో ఎక్కువ భాగం సాధారణంగా ఆ పెద్ద కొనుగోళ్లదే. బిల్లుల యాప్, రెఫరల్ యాప్ రెండూ మూసేయండి. మీకు బిల్లుల యాప్ ఉంచుకోవాలనే ఉంటే, మెయిల్ కలపకుండా, మందులవీ పిల్లలవీ కాని బిల్లుల ఫొటోలకే పరిమితం చేయండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగుల్లో ప్రైవసీ, యాడ్స్ అన్నచోట అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించండి. వేర్వేరు యాప్‌లలో మీరు చేసేవన్నీ ఒకే మనిషివని కలపడానికి వాడే గుర్తు అది.

మూసే పనిలో వరస ముఖ్యం. ముందు ఉన్న పాయింట్లు, ఖాయమైన డబ్బు మీ ఖాతాకు తీసేసుకోండి, ఎందుకంటే ఖాతా మూస్తే మిగిలినవి పోతాయని చాలా యాప్‌ల నిబంధనల్లో ఉంటుంది. పెండింగ్‌లో పెద్ద మొత్తం ఉంటే అది ఖాయమయ్యేదాకా ఆగవచ్చు, కానీ మెయిల్, కాంటాక్టుల అనుమతులు తీయడానికి ఆగనవసరం లేదు. డబ్బు అందాక, ఖాతా ఇంకా తెరిచి ఉండగానే, యాప్ ప్రైవసీ పాలసీలో ఇచ్చిన చిరునామాకు ఇలా రాయండి: ‘ఈ ఫోన్ నంబరు, ఈ మెయిల్ మీద ఉన్న నా ఖాతాను మూసివేయండి. నా మెయిల్ పెట్టె నుంచి తీసుకున్న బిల్లులు, నేను పంపిన ఫొటోలు, నా కాంటాక్టులు చెరిపేయండి. నా సమాచారాన్ని ఎవరితో పంచుకున్నారో తెలపండి. పని పూర్తయ్యాక రాతపూర్వకంగా జవాబివ్వండి.’ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలున్న చోట్ల చాలావరకు ఇలా అడిగే హక్కు ఉంది. వాళ్ల జవాబు చేతికొచ్చాకే ఫోన్‌లోంచి యాప్ తీసేయండి. ముందే తీసేస్తే ఫోన్‌లో బొమ్మ పోతుంది గానీ వాళ్ల దగ్గర ఖాతా అలాగే ఉంటుంది, అది మీదేనని నిరూపించుకోవడానికి మళ్లీ అదే యాప్ వేసుకోవాల్సి వస్తుంది.